క్లయింట్ దేనికి సరే అనాలో మొదటి వాక్యంలోనే రాయండి

ప్రశ్న: చిన్న డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలో చేస్తున్నాను. ప్రతి నెలా యాడ్ రిపోర్ట్ పంపితే క్లయింట్ "ఓకే" అని పెట్టి ఊరుకుంటాడు. మొదటి పేజీలో సమ్మరీ ఎలా రాయాలి? ఏ మెట్రిక్స్ పెట్టాలి?

మెట్రిక్స్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ఈ నెల ఆయన దేనికి అవుననాలో, దేనికి కాదనాలో ముందు ఒక్క వాక్యంలో రాయండి. ఎంత డబ్బు, ఎక్కణ్ణించి ఎక్కడికి, ఏ తేదీలోపు అన్నవి అందులో ఉండాలి. ఆ వాక్యం రాయడం రావట్లేదంటే అంకెలు మీకే ఇంకా అర్థం కాలేదని.

షాద్‌నగర్ వైపు ఓపెన్ ప్లాట్లు అమ్మే ఒక వెంచర్ అకౌంట్ కొన్నాళ్లు నేను చూశాను. మా ఏజెన్సీలో డెంటల్ క్లినిక్‌కైనా, చీరల షాపుకైనా, ప్లాట్లకైనా ఒకటే టెంప్లేట్. మొదటి పేజీలో రీచ్, ఇంప్రెషన్లు, సీటీఆర్, పక్కన ఆకుపచ్చ బాణాలు. ఓసారి వెంచర్ ఓనర్‌గారి సైట్ ఆఫీసుకి వెళ్తే, ఆయన ఆ పీడీఎఫ్‌ని ఫోన్‌లో తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ, పక్కకి జరుపుకుంటూ చదువుతున్నారు. నాలుగో పేజీ దాకా వెళ్లి ఫోన్ టేబుల్ మీద పెట్టేశారు. "గిదంతా మంచిగనే ఉందమ్మా, ఇంతకీ నన్నేం జెయ్యమంటవ్?" అన్నారు. రిపోర్ట్‌లో దానికి జవాబు ఎక్కడా లేదు.

జూన్ రిపోర్ట్ వంతు వచ్చేసరికి టెంప్లేట్ ప్రకారం మొదటి పేరా ఇలా తయారై ఉంది: "జూన్‌లో 3 లక్షల ఖర్చుతో 1,050 లీడ్స్ వచ్చాయి. లీడ్ ఖర్చు 340 నుంచి 286కి తగ్గింది." చదివితే అంతా బ్రహ్మాండం. (అంకెలు ఇక్కడ గుండ్రంగా చేసి రాస్తున్నాను.)

అసలు కథ వెంచర్‌వాళ్ల టెలికాలర్ షీట్‌లో ఉంది. మెటా ఫారాలకి 1,80,000 పెడితే 900 లీడ్స్, అంటే ఒక్కోటి 200. గూగుల్ సెర్చ్‌కి 1,20,000 పెడితే 150 లీడ్స్, ఒక్కోటి 800. ఇక్కడితో ఆపితే మెటాయే చవక. కానీ మెటా లీడ్స్‌లో సైట్ చూడ్డానికి వచ్చినవాళ్లు 18 మంది, గూగుల్ లీడ్స్‌లో 30 మంది. ఒక్క మనిషిని సైట్ దాకా రప్పించడానికి మెటాలో 10,000 అవుతుంటే గూగుల్‌లో 4,000 అవుతోంది. పైగా బడ్జెట్ చాలక సెర్చ్‌లో మన యాడ్ కనపడని శాతం గూగుల్ కాలమ్‌లో 40 దగ్గర ఉంది. అంటే డబ్బు పెడితే అక్కడ ఇంకా చోటుంది. ఆ శాతం 5 దగ్గర ఉండి ఉంటే ఈ మాట ఎత్తేదాన్నే కాదు. అప్పుడు బడ్జెట్ పెంచినా వెతికేవాళ్లు పెరగరు.

టెంప్లేట్ పేరా తీసేసి ఇది రాశాను:

"సార్, మెటా ఫారాల నుంచి నెలకి 60,000 తీసి గూగుల్ సెర్చ్‌లో పెట్టడానికి మీ అనుమతి కావాలి. జులై 5లోపు చెప్పండి, చెప్పకపోతే ఇప్పుడున్నట్టే నడుపుతాం. కారణం: ఒక సైట్ విజిట్‌కి మెటాలో 10,000, గూగుల్‌లో 4,000 పడుతోంది. పోయేది: లీడ్స్ నెలకి 300 మెటాలో తగ్గుతాయి, గూగుల్‌లో అన్ని పెరగవు, మొత్తం లీడ్స్ సంఖ్య పడిపోతుంది. గూగుల్‌లో ఈ అదనపు 60,000తో వచ్చే విజిట్ ఖర్చు 10,000కి చేరితే వెనక్కి మారుస్తాం."

ఇందులో ముఖ్యమైనవి చివరి రెండు వాక్యాలు. లీడ్స్ తగ్గుతాయని ముందే రాయకపోతే వచ్చే నెల 1,050 కాస్తా 825 అయినప్పుడు ఫోన్ మోగుతుంది. 825 కూడా గూగుల్ లీడ్ 800కే వస్తేనే. బడ్జెట్ పెంచేకొద్దీ అక్కడ ఖర్చు కొంత పెరగడం మామూలే. అందుకే 10,000 అన్న గీత గీశాను. అదనపు 60,000తో ఒక్కో విజిట్ 6,000 పడ్డా 10 మంది వస్తారు, మెటాలో పోయేది 6 మంది. 10,000 పడితే ఆరుకి ఆరు, అంత కష్టపడి మార్చినా ఒరిగేదేం లేదు.

రాసేముందు ఒకటి చూసుకున్నాను. మెటా లీడ్స్ నిజంగానే తాలా, లేక వాళ్లకి ఎవరూ ఫోనే చేయలేదా? షీట్‌లో లీడ్ వచ్చిన టైమ్ పక్కన మొదటి కాల్ టైమ్ ఉంటుంది. రెండు చోట్లా అదే రోజు కాల్ వెళ్తోంది. మెటా లీడ్స్‌కి మాత్రం మూడు రోజుల తర్వాత చేస్తూ ఉంటే నేను అడగాల్సింది బడ్జెట్ మార్పు కాదు, ఇంకో టెలికాలర్‌ని. ఇంకోటి, నెలాఖరు వారంలో వచ్చిన లీడ్స్ సైట్‌కి రావడానికి ఇంకా టైముంటుంది. అందుకని విజిట్‌ని అది జరిగిన నెలలో కాకుండా ఆ లీడ్ వచ్చిన నెలలో లెక్కేయాలి, రెండు వైపులా ఒకేలా.

ఆయన పది నిమిషాల్లో ఫోన్ చేశారు. "ఆషాఢంల ప్లాట్ జూడనీకి ఎవరొస్తరమ్మా? ఆ అరవై వేలు మెటాల ఇప్పుడే కట్ చెయ్, గూగుల్ల మాత్రం శ్రావణం రాంగనే పెట్టు." నేనడిగినదానికన్నా మంచి నిర్ణయం అది. ఆషాఢంలో జనం స్థలాల బేరాలు వాయిదా వేసుకుంటారన్న విషయం ఏ డాష్‌బోర్డులోనూ కనపడదు. ఆకుపచ్చ బాణాలు చూపించి ఉంటే ఆయనకి ఆ మాట చెప్పే సందే దొరికేది కాదు.

మా మేనేజర్‌కి మాత్రం నచ్చలేదు. "మంచి నంబర్లు కిందకి తోసేస్తే మనం ఏం చేసినట్టు కనిపిస్తుంది?" అని గొడవ. ఈ రంగంలో నాకు ఒళ్లు మండేది ఇక్కడే. సగం రిపోర్ట్‌లు క్లయింట్ కోసం కాదు, రిటైనర్ రెన్యువల్ కోసం రాస్తారు. 12 లక్షల రీచ్‌తో ఆ ఓనర్‌గారు ఏం చేసుకుంటారు? ఇక డాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్లు పదిహేను అతికించి కింద "ఇన్‌సైట్స్" అని రాసేవాళ్లని ఏమనాలో నాకు తెలీదు.

అలాగని అన్నీ క్లయింట్ నెత్తిన పెట్టకండి. పాతబడిన వీడియో ఆపడం, పనికిరాని సెర్చ్ పదాల్ని నెగెటివ్ జాబితాలో వేయడం, మెటా ఫారాన్ని "హయ్యర్ ఇంటెంట్"కి మార్చి చూడడం మీ పనే, చేసేసి కింద ఒక లైన్ రాస్తే చాలు. ఆయన డబ్బు, ఆయన మనుషులు, ఆయన ధర కదిలేవే మొదటి వాక్యంలోకి రావాలి. రెండు నిర్ణయాలుంటే పెద్దది ముందు. మూడు దాటితే ఒకటి వచ్చే నెలకి ఆపండి, లేకపోతే మీకు మళ్లీ "ఓకే"యే వస్తుంది, దేనికి ఓకేనో తెలీదు. అడగాల్సిందేమీ లేని నెల "ఈ నెల మీరు తేల్చాల్సిందేమీ లేదు, బడ్జెట్ ఇలాగే నడుపుతున్నాం" అని మొదలుపెట్టండి. కల్పించి అడగొద్దు.

ఇప్పుడు మెట్రిక్స్. ఆ మొదటి పేరాకి ఆధారమైన అంకెలే ముందు రావాలి, ఈ వరుసలో: విజిట్ ఖర్చు, విజిట్లు, లీడ్స్, ఖర్చు. రీచ్, సీటీఆర్ చివరి పేజీలో ఉంటే చాలు. ఆ పేరాని పీడీఎఫ్‌లో దాచకుండా వాట్సాప్ మెసేజ్‌లోనే టైప్ చేసి, కింద ఫైల్ జత చేయండి. మా ఓనర్‌గారు ఆ జూన్ ఫైల్ తెరవనే లేదు.