ఆవకాయ సీసాకు లేబుల్ వేయమనండి

"మా అమ్మాయి బీకాం అయి ఎనిమిది నెలలైంది. గ్రాఫిక్ డిజైన్ చేస్తానంటోంది. ఎక్కడ అడిగినా ఇంతకుముందు చేసిన పని చూపించమంటున్నారు. ఎవరూ పని ఇవ్వకపోతే చూపించడానికి ఎక్కడి నుంచి వస్తుంది? అరవై వేలు కట్టి సర్టిఫికెట్ కోర్సులో చేర్చనా, బ్యాంకు కోచింగ్‌కి పంపనా?" – ఒక తండ్రి, తెనాలి

కోర్సు డబ్బు ఇప్పుడే కట్టకండి. ఆ కోర్సుల నుంచి వచ్చే పిల్లల ఫోల్డర్లు నేను చాలా చూశాను. అందరి దగ్గరా అదే కాఫీ షాపు లోగో, అదే బూట్ల పోస్టర్, పేరున్న ఏదో యాప్‌కి కొత్త రంగులు. పని ఇచ్చే కొట్టాయనకు వాటిలో తన కొట్టు కనిపించదు.

మీ పేటలో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆవిడ ఎవరో ఒకరు ఉంటారు. ఆవిడ వాడే అరకిలో సీసా ఒకటి అడిగి తెచ్చుకుని, బ్రాండు పేరు మాత్రం కల్పించి, ఆవకాయ లేబుల్ వేయమనండి. ముందు సీసాను కొలవాలి. అడ్డం ఎనిమిదిన్నర సెంటీమీటర్లుంటే చుట్టుకొలత 26.7 వస్తుంది. ఎదురుగా నిలబడ్డవాళ్లకు బాగా కనబడేది అందులో ఇంచుమించు మూడో వంతు, అంటే తొమ్మిది సెంటీమీటర్లు. పేరు, బరువు అందులోనే ఇమడాలి. మిగతా చోట పదార్థాల జాబితా (ఎక్కువగా వాడినది ముందు), తయారీ తేదీ, ఎమ్మార్పీ, ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు 14 అంకెలకు జాగా ఉండాలి. అంకెలు కల్పించకుండా జాగా ఖాళీగా వదలాలి.

తర్వాత అసలు సైజులో ప్రింటు తీసి సీసాకు చుట్టి, చేయి చాపినంత దూరంలో పెట్టి చూడాలి. తప్పులు బయటపడేది అక్కడే. స్క్రీన్ మీద ముచ్చటగా ఉన్న పదార్థాల జాబితా చీమల బారులా కనిపిస్తుంది. ఇంగ్లీషుకు సరిపోయే వరుస ఎడం తెలుగుకు చాలదు, పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ముదురు ఎరుపు మీద నల్ల అక్షరం మాయమైపోతుంది. ఆ చెడిన ప్రింటును పారేయకూడదు. దాన్నీ, సరిచేసినదాన్నీ సీసాతో సహా ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి, ఏం మార్చిందో ఎందుకు మార్చిందో రెండు వాక్యాలు రాయాలి. పని ఇచ్చేవాళ్లు ఆగి చూసేది ఆ జతనే. పైన 'నమూనా పని' అని రాయడం మరవద్దు. క్లయింటు ఉన్నట్టు నటిస్తే ఒక్క ఫోన్ కాల్‌తో బయటపడుతుంది.

నమూనాతో తేలనిది ఒకటుంది: ఎదుటివాళ్లు మార్పులు చెబితే పిల్ల ఎలా తీసుకుంటుందన్నది. అందుకే లేబుల్‌ను ఆ పచ్చళ్లావిడకే చూపించి, ఆవిడ పెట్టిన వంకలు కూడా రాసుకోమనండి. నచ్చి వాడుకుంటానంటే ఫైలు ఊరికే ఇవ్వొద్దు, ఐదొందలైనా తీసుకోవాలి. ఇలాంటివి మూడు చాలు, రెండోది టిఫిన్ సెంటర్ ధరల బోర్డు కావచ్చు.

ఇక మీ సంగతి. ఎనిమిది నెలలని లెక్కపెట్టారు గానీ, ఈ ఎనిమిది నెలల్లో అమ్మాయి ఏం గీసిందో ఒక్క ముక్క రాయలేదు. చూశారా అసలు? మీ భయం ఏడాది వృథా అవుతుందనే కదా. బ్యాంకు క్లర్కు పరీక్షకు 28 ఏళ్ల దాకా వయసుంటుంది, ఇంకో మూడు నెలలకు ఆ తలుపు మూసుకుపోదు. ఈలోపు కలర్ ప్రింట్లకయ్యే ఖర్చు మీరు పెట్టుకోండి, మొదటి సీసాను మీ చేత్తో పట్టుకుని ఏం చదవగలిగారో అమ్మాయికి చెప్పండి.