పీఎఫ్ తీసి ఇల్లు కొన్నవాడిగా చెబుతున్నాను

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉంటాం. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 95 వేలు వస్తాయి. అద్దె 17 వేలు. పాప రెండో తరగతి, బాబు ఎల్‌కేజీ. ఒక్కొక్కరికి ఏడాదికి 70 వేల ఫీజు, బస్సు వేరే. డిపాజిట్లలో 9 లక్షలు, పీఎఫ్‌లో 5 లక్షలు ఉన్నాయి. 62 లక్షల ఫ్లాట్ ఒకటి నచ్చింది. పీఎఫ్ తీసి కొనేయమని అందరూ అంటున్నారు. అమ్మను కాశీకి తీసుకెళ్లాలని కూడా ఉంది. వీటిలో ఏది ముందు?

జవాబు:

ఆ "అందరూ" 2014లో నాకూ అదే చెప్పారు. అప్పుడు నాకు 36 ఏళ్లు. పీఎఫ్‌లోంచి 4 లక్షల 20 వేలు తీసి మొదటి చెల్లింపులో కలిపాను. "మన డబ్బే కదా, అప్పు కాదు కదా" అనుకున్నాను. చేతిలో ఉన్న మిగతా సొమ్ము వంటింటి అలమరాలకూ హాల్లో ఫాల్స్ సీలింగుకూ పోయింది. ఆ సీలింగు ఒక మూల ఇప్పుడు చెమ్మ పట్టి పెచ్చులూడుతోంది. కింద కూర్చుని టీ తాగేటప్పుడల్లా నా పీఎఫ్ గుర్తొస్తుంది.

పీఎఫ్ వడ్డీ రేటును ఏటా ప్రకటిస్తారు, ఈ మధ్య 8.25 శాతం ఇస్తున్నారు. కాస్త తగ్గించి 8 శాతమే వేసుకుందాం. 36 ఏళ్ల వయసులో తీసిన ఆ సొమ్మును ముట్టుకోకుండా 58 వరకూ వదిలేసి ఉంటే, 22 ఏళ్లలో దాదాపు ఐదున్నర రెట్లయి 23 లక్షలకు చేరేది. ఇప్పుడు నాకు 47. అదే 23 లక్షలు మళ్లీ కూడబెట్టాలంటే మిగిలిన 11 ఏళ్లూ నెలకు సుమారు 10,800 చొప్పున, అంటే మొత్తం 14 లక్షలకు పైగా, జేబులోంచి కట్టాలి. జీతంలోంచి స్వచ్ఛందంగా ఎక్కువ పీఎఫ్ కోయించుకుంటూ ఆ పనే చేస్తున్నాను.

అందుకే నేనిప్పుడు ఏది ముఖ్యమని అడగను. పీఎఫ్, ఫీజు, ఇల్లు, కాశీ నాలుగూ ముఖ్యమే అనిపిస్తాయి, చర్చ అక్కడే ఆగిపోతుంది. దీన్ని మూడేళ్లు వాయిదా వేస్తే నష్టమెంత అని ఒక్కొక్కదాన్నీ విడిగా అడుగుతాను. పీఎఫ్ సంగతి పైన చూశారు. వయసులో ఉన్నప్పుడు తీసిన రూపాయి అన్నిటికన్నా ఖరీదైనది. మీ 5 లక్షలనూ ముట్టుకోకండి.

ఫీజును నేను లక్ష్యాల జాబితాలోంచే తీసేస్తాను. అది అద్దెలాంటి ఖర్చు, వాయిదా కుదరదు. ఇద్దరి ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫారాలు కలిపితే మీకు ఏడాదికి 2 లక్షలకు దగ్గరగా ఉంటుందని నా అంచనా. దాన్ని పన్నెండుతో భాగించి నెలకు 16,700 వేరే ఖాతాలోకి పంపితే జూన్‌లో క్రెడిట్ కార్డు తీయాల్సిన పని ఉండదు. అయితే ఇందులో తేల్చుకోవలసింది ఒకటుంది, అది బడి ఎంపిక. ఎల్‌కేజీలో 70 వేలున్న ఫీజు ఏటా 10 శాతం పెరిగితే బాబు తొమ్మిదికి వచ్చేసరికి లక్షా 80 వేలు దాటుతుంది. పాప ఆపాటికి ఇంటర్‌లో, బహుశా హాస్టల్లో కోచింగుతో పాటు, ఉంటుంది. ఇంటి అప్పు అప్పటికి సగం కూడా తీరదు. ఈ ఫీజు పదో తరగతి దాకా మోయగలమా అన్నది ఇల్లు చూడకముందే కాగితం మీద తేల్చుకోండి.

ఇక ఇల్లు. 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణంలో బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు. 62 లక్షలకు 49 లక్షల 60 వేలు వస్తాయి, 12 లక్షల 40 వేలు మీరు పెట్టుకోవాలి. ఆ మొత్తం విలువకూ రిజిస్ట్రేషన్ చేయిస్తే తెలంగాణలో స్టాంపు డ్యూటీతో సహా ఏడున్నర శాతం, అంటే మరో 4 లక్షల 65 వేలు. ఈ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు. అలమరాలు, ఫ్యాన్లు, కర్టెన్లు కలిపి నాలుగు లక్షలు వేసినా మొత్తం 21 లక్షలు చేతిలో ఉండాలి. మీ దగ్గరున్నవి తొమ్మిది. పీఎఫ్ ఊడ్చేసినా పద్నాలుగే. మిగిలిన ఏడు లక్షలకు వ్యక్తిగత రుణం తీసుకోమని ఎవరో ఒకరు చెబుతారు, ఆ మాట వినకండి.

నెల లెక్క కూడా చూడండి. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు వాయిదా 43 వేలవుతుంది, అపార్ట్‌మెంట్ నిర్వహణకు ఇంకో 3 వేలు. ఫీజు ఖాతా కూడా పోగా మీకు మిగిలేది 32 వేలు. కిరాణా, పెట్రోలు, మందులు, బీమా, అమ్మ ఖర్చులు అన్నీ అందులోనే.

ఇది సాధ్యమా కాదా అని వాదించుకునే బదులు, కొనకుండానే ఏడాదిపాటు ఆ ఇంట్లో ఉన్నట్టు బతికి చూడండి. మీ అద్దెకూ రాబోయే ఖర్చుకూ తేడా 29 వేలు. జీతం పడిన మర్నాడే ఆ 29 వేలు రికరింగ్ డిపాజిట్‌లోకి పోయేలా పెట్టండి. మా చెల్లెలు, వాళ్లాయన 2022లో ఇలాగే చేశారు. ఐదు నెలలు హాయిగా నడిచింది. జూన్‌లో డిపాజిట్ రద్దు చేసుకోవలసి వచ్చింది, ఎందుకంటే ఫీజును లెక్కేశారు గానీ పుస్తకాలనూ అదే నెలలో వచ్చే కారు బీమానూ మరిచిపోయారు. అప్పు తీసుకున్నాక తెలిసుంటే వాయిదా తప్పేది. రెండోసారి 22 వేలతో మొదలుపెట్టి ఏడాది ఆపకుండా కట్టగలిగారు, 2024లో ఆ స్థాయి ఇల్లే, ఇంకొంచెం దూరంలో, కొన్నారు.

మీరు 29 వేలు మూడేళ్లు కట్టగలిగితే వడ్డీతో పదకొండున్నర లక్షలవుతాయి. ఉన్న తొమ్మిదిలో మూడు లక్షలు ఆపదకు విడిగా ఉంచినా, మిగతా ఆరుకూ వడ్డీ కలిపి పీఎఫ్ జోలికి వెళ్లకుండా పద్దెనిమిదిన్నర లక్షలు చేతిలో ఉంటాయి. ఆలోగా ధర పెరగదా అంటే పెరగవచ్చు. అప్పుడు మూడు పడకగదులు రెండు కావచ్చు, మెట్రోకు ఇంకో నాలుగు కిలోమీటర్లు దూరం జరగవచ్చు. ఆ సర్దుబాటు కష్టమే గానీ సాధ్యం. 58 ఏళ్లప్పుడు పదకొండేళ్ల వడ్డీని వెనక్కి తెచ్చుకోవడం సాధ్యం కాదు. (టర్మ్ బీమా, ఆరోగ్య బీమా ఉన్నాయనే అనుకుంటున్నాను. లేకపోతే ఇదంతా పక్కన పెట్టి ముందు అవి తీసుకోండి.)

ప్రయాణాలను చాలామంది అడుగున పెడతారు. ఏటా పిల్లలతో తిరిగే విహారానికైతే నేనూ అంతే అంటాను. కాశీ మాత్రం వేరు. మా నాన్న "ఇంటి అప్పు కాస్త తగ్గనీరా" అంటూ నాలుగేళ్లు ఆగారు. ఐదో ఏట మోకాళ్లు మొరాయించాయి. ఘాట్ మెట్లు ఆయన ఎక్కలేరని డాక్టరు చెప్పిన రోజు మా ఖాతాలో ప్రయాణానికి కావలసిన డబ్బుంది. ఈ నాలుగింటిలో అన్నిటికన్నా చవకైనదీ, గడువు ముందుగా తీరిపోయేదీ అదే.

దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే పాత మొఘల్‌సరాయ్‌లో, దిగవచ్చు. అక్కడి నుంచి కాశీ ఆటో దూరం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. మొదటి రోజే చేయించండి, అమ్మగారికి కింది బెర్తు దొరికే అవకాశం ఎక్కువ.