ఆలస్యంగా వచ్చిన పార్సిల్: ఫిర్యాదు ఈమెయిల్‌కు బలం ఎక్కడుంది?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకురాలిని. వస్తువు ఆలస్యంగా పంపిన ఆన్‌లైన్ దుకాణానికి ఫిర్యాదు ఈమెయిల్ రాయడం ఇంటర్ పిల్లలకు నేర్పుతున్నాను. అలాంటి ఈమెయిల్‌కు చట్టంలో విలువ ఉంటుందా? ఉండాలంటే ఏం రాయించాలి?

జవాబు: నిజమైన కొనుగోలు గురించి రాస్తే తప్పకుండా ఉంటుందమ్మా. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, తాను చెప్పిన గడువు దాటి చేరిన వస్తువును వెనక్కి తీసుకోననీ, డబ్బు తిరిగి ఇవ్వననీ అమ్మకందారు అనకూడదు. వరదల వంటి, ఎవరి చేతిలోనూ లేని కారణం వల్ల ఆలస్యమైతే మాత్రం ఈ నియమం వర్తించదు.

అందుకే ఈ ఉత్తరానికి ప్రాణం తేదీ. 'చాలా ఆలస్యం చేశారు, ఎంతో ఇబ్బంది పడ్డాను' అని పేజీ నిండా రాసినా దానితో ఏదీ రుజువు కాదు. ఒక విద్యార్థి జూన్ 3న 1,150 రూపాయలకు కాలిక్యులేటర్ కొన్నాడనుకుందాం. 7వ తేదీకి ఇస్తామన్నారు, 16న వచ్చింది. ఆర్డర్ నంబరు, ఈ మూడు తేదీలు, చెల్లించిన సొమ్ము, 'వస్తువు తీసుకెళ్లి డబ్బు తిరిగి ఇవ్వండి' అన్న స్పష్టమైన కోరిక ఉంటే ఆరు వాక్యాలు చాలు. ఆలస్యం జరిగినప్పుడు ఆర్డర్ పేజీలో పాత గడువు చెరిగి కొత్త తేదీ కనిపించవచ్చు. కొన్న రోజు వచ్చిన ధ్రువీకరణ ఈమెయిల్‌ను అందుకే దాచుకుని, ఫిర్యాదుకు జతచేయాలి.

నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది కోపంలో రద్దు బటన్ నొక్కి, కారణాల జాబితాలో 'ఇక అవసరం లేదు' అన్నదాన్ని ఎంచుకుంటారు. దాంతో తప్పు దుకాణానిది కాదు, కొన్నవారే మనసు మార్చుకున్నారని రికార్డులో పడుతుంది. ఆలస్యం అన్న కారణాన్నే ఎంచుకోమని మీ పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఈమెయిల్ వెళ్లాల్సింది ఫిర్యాదుల అధికారికి. ఆ అధికారి పేరు, హోదా, సంప్రదింపు వివరాలు వెబ్‌సైట్‌లో ఉంచడం దుకాణం బాధ్యత. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, లేదా కొన్నవారు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వస్తువు ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. అయితే కేవలం ఆలస్యానికి పెద్ద పరిహారం ఆశించకండి. నష్టం జరిగిందంటే దానికి రుజువు చూపాలి.

మీ విద్యార్థుల్లో చాలామందికి 18 ఏళ్లు నిండి ఉండవు. కమిషన్ వరకు వెళ్లాల్సి వస్తే ఫిర్యాదు తల్లిదండ్రులో సంరక్షకులో వేయాలి. ఖాతా నాన్న పేరిట ఉంటే ఈమెయిల్ కూడా ఆయన చిరునామా నుంచి, ఆయన పేరుతోనే పంపించండి.