బూస్ట్ చాలా, Ads Manager కావాలా?

మాది హన్మకొండలో చీరల షాపు. ఫేస్‌బుక్‌లో డబ్బులు కట్టి పోస్ట్ బూస్ట్ చేస్తే లైకులే వస్తున్నయి, బేరం లేదు. Ads Manager లో పెడితే తేడా ఉంటుందా?

ఉంటుంది. మీ బూస్ట్ లక్ష్యం ఎంగేజ్‌మెంట్ అయి ఉంటుంది. అప్పుడు ఫేస్‌బుక్ లైక్ కొట్టే అలవాటున్నవాళ్లను వెతికి చూపిస్తుంది. వాళ్లకు చీర అక్కర్లేకపోవచ్చు. లక్ష్యాన్ని మెసేజ్‌లకు మార్చడం బూస్ట్‌లోనూ కుదురుతుంది, ముందు అది చూడండి.

Ads Manager లో అసలు లాభం వేరే. పాత కస్టమర్ల నంబర్ల జాబితా ఎక్కించి, వాళ్లను పక్కనపెట్టి కొత్తవాళ్లకే చూపించవచ్చు. పట్టుచీర ఫొటో, కట్టుకున్న వీడియో విడివిడిగా నడిపి, ఒక్కో వాట్సాప్ మెసేజ్‌కు ఎంత పడిందో పోల్చుకోవచ్చు. లైకుల లెక్క వదిలేయండి.

బతుకమ్మకు మూడు రోజుల ఆఫర్ చుట్టుపక్కల తెలిస్తే చాలనుకుంటే బూస్టే నయం. అంతకు ఇంత తంటా ఎందుకు?