పెయింట్ గేజ్‌తో సెకండ్ హ్యాండ్ కారు చెక్ చేయడం

సెకండ్ హ్యాండ్ కారుకి యాక్సిడెంట్ అయి మళ్లీ పెయింట్ వేశారో లేదో పెయింట్ మందం కొలిచే గేజ్‌తో ఎలా తెలుస్తుంది?

ముందు కారు కడిగించి, రూఫ్ మీద నాలుగైదు చోట్ల గేజ్ పెట్టండి, రూఫ్‌కి దెబ్బలు తక్కువ కాబట్టి ఆ కారు ఒరిజినల్ పెయింట్ మందం దాదాపు అదే. మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్లు వస్తుంది. తర్వాత ప్రతి ప్యానెల్‌నీ ఎదురు వైపు దానితో పోల్చండి.

ఉదాహరణకి రూఫ్ 110, ఎడమ డోర్లు 115, కుడి వెనక డోర్ 240, దాని వెనక చక్రం పైభాగం 700 చూపించిందనుకోండి. డోర్‌కి గీతలు పడి రీపెయింట్ చేసి ఉండొచ్చు, అది పెద్ద విషయం కాదు. 700 అంటే మాత్రం కింద లప్పం ఉన్నట్టే. పైగా ఆ భాగం బోల్టులతో కాదు, బాడీకి వెల్డింగ్‌తో ఉంటుంది, కాబట్టి డిక్కీ మ్యాట్ ఎత్తి వెల్డింగ్ గుర్తులు చూడాల్సిందే.

ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు గేజ్ పనిచేయదు. డోరే మార్చేసి ఉంటే రీడింగ్ నార్మల్‌గానే రావచ్చు, అప్పుడు డోర్‌కీ పక్క ప్యానెల్‌కీ మధ్య సందులు పట్టిస్తాయి: సందు పైన 4 మిల్లీమీటర్లు, కింద 7 ఉంటే హింజ్ బోల్టుల తలల మీద పెయింట్ చెదిరిందేమో చూడండి, స్పానర్ పడితే అక్కడ తెలిసిపోతుంది.