‘పాడు’ కాస్తా ‘వాడు’ అయినప్పుడు

ప్రశ్న: మా దుకాణంలో ఇవ్వబోయే గుడ్డ సంచుల మీద ప్లాస్టిక్ సంచులు వద్దని చెప్పే రెండు పాదాల నినాదం ముద్రించాలనుకుంటున్నాను. ఎలాంటిది రాస్తే బాగుంటుంది? ఎవరైనా రాసి ఇవ్వగలరా?

నేను గుడ్డ మీద స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాను, అడిగినవారికి నినాదాలు కూడా రాసి ఇస్తాను. మొదటిసారి ఒక దుకాణదారు కోసం రాసిన రెండు పాదాలు ఇవి:

పాడు ప్లాస్టిక్ సంచులెందుకు
నేడు నేనే తోడు ముందుకు

మూడు, నాలుగు మాత్రల నడక, రెండో అక్షరానికి ప్రాస, చివర అంత్యప్రాస అన్నీ కుదిరాయని నేనూ ఆయనా సంతోషించాము. ‘పాడు ప్లాస్టిక్’ అన్న రెండు మాటలను పెద్ద అక్షరాలతో పైన ఉంచి, మిగిలినదంతా కింద చిన్నగా పెట్టమని ఆయన కోరారు. కాగితం మీద నమూనా తీసి చూపించాను, చక్కగా ఉంది. ఆ ధైర్యంతో రెండు వందల సంచులు ఒకే రోజున ముద్రించి ఇచ్చాను. సంచులు పంచడం మొదలైన మర్నాడే ఒక పెద్దాయన సంచిని ముందు పెట్టుకొని, “ఏమండీ, ప్లాస్టిక్ వాడమంటున్నారా, వద్దంటున్నారా?” అని ఎంతో మర్యాదగా అడిగారట. దుకాణదారు నన్ను పిలిపించారు. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే సంచి మీద ‘వాడు ప్లాస్టిక్’ అనే ఉంది.

ఇలా ఎందుకు జరిగిందో తెలుగులో రాసేవారందరూ తెలుసుకోవాలి. ‘ప’కూ ‘వ’కూ ఉన్న తేడా ఒక చిన్న సందు మాత్రమే. ‘ప’లో తలకట్టు కింది భాగాన్ని తాకకుండా విడిగా నిలుస్తుంది, ‘వ’లో కలిసిపోతుంది, దీర్ఘమిచ్చినా ఈ తేడా అలాగే ఉంటుంది. కాగితం మీద ఆ సందు స్పష్టంగా నిలిచింది కాని, సంచుల గుడ్డ దారం లావుగా ఉంటుంది కనుక నీటితో కలిపిన రంగు దారం వెంట పక్కలకు పాకి దాన్ని పూడ్చివేసింది. పైగా అక్షరాలు నల్లగా నిండుగా రావాలని రంగును తెర గుండా గుడ్డ మీదికి నెట్టే స్క్వీజీని నేను రెండుసార్లు లాగాను, ఆ రెండో లాగుడుకు మిగిలిన కాస్త సందు కూడా పోయింది. తప్పు నాదే. కాగితం మీద పరీక్షించి గుడ్డ మీద ముద్రించకూడదని అప్పుడు నాకు తెలిసివచ్చింది.

గుడ్డలోకి ఇంకిన రంగును తీయడం సాధ్యం కాలేదు. చివరకు ‘పాడు’ అన్న ఒక్క మాట మీద ఆకు ఆకారంలో ముదురు రంగు దిట్టంగా అద్ది దాన్ని కప్పివేశాము. అప్పుడు మిగిలినది ‘ప్లాస్టిక్ సంచులెందుకు’ అన్న ప్రశ్న. దాని నడక కుంటుపడింది కాని, అర్థంలో ఏమీ తగ్గలేదు, నిజానికి ముందుకన్నా బాగుంది. తిట్టు మాట తీసివేసినా నినాదం నిలబడిందంటే ఆ మాట అక్కడ ఏ పనీ చేయడం లేదన్నమాట. అప్పటి నుంచి ప్లాస్టిక్‌ను తిట్టే పాదాలు రాయడం మానుకున్నాను, మిమ్మల్నీ మానుకోమనే కోరుతున్నాను. గుడ్డ సంచి చేతిలో ఉన్న మనిషికి ప్లాస్టిక్ చెడ్డదని చెప్పవలసిన అవసరం లేదు, రేపు ఆ సంచిని ఇంట్లో మరచిపోకుండా చూడటమే అవసరం.

దీనికి లెక్క కూడా ఉంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచి కన్నా వాతావరణానికి తక్కువ హాని చేసినట్టు కావాలంటే నూలు సంచిని కనీసం 131 సార్లు వాడాలి. పత్తి పండించడంలోనూ దారం తీసి నేయడంలోనూ అంత హాని జరుగుతుంది. కాబట్టి బీరువాలో పడి ఉన్న గుడ్డ సంచి ఎవరికీ మేలు చేయదు. రెండు పాదాల పని ఆ 131 సార్లు సంచిని ఇంటి నుంచి బయటికి రప్పించడమేనని నా గట్టి నమ్మకం. అందుకే సంచే మాట్లాడుతున్నట్టు, ఇల్లు వదిలే క్షణాన్ని గుర్తు చేస్తూ ఇవి రాశాను, మీరు నిస్సంకోచంగా వాడుకోవచ్చు:

తలుపు చెంతన వేచి ఉంటా
తలచి తీస్తే కదలి వస్తా

మడిచి జేబున పెట్టు నన్ను
అడగనక్కర లేదు కవరును

చిరిగిపోతే కుట్టు నన్ను
విరిగి ముక్కై మిగల నేను

మూడవదానిలోని రెండో పాదం ప్లాస్టిక్ పేరెత్తకుండానే దాని గుణం చెబుతుంది. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ సంచి ముక్కలై, ఆ ముక్కలు ఇంకా చిన్న ముక్కలై నేలలో మిగిలిపోతుంది. చాలామంది ఇక్కడ ‘వెయ్యేళ్లు’ అని రాస్తారు, అది నాకు నచ్చదు. నేడు మనం చూసే పిడి ఉన్న ప్లాస్టిక్ సంచికి స్వీడన్ సంస్థ ఒకటి అమెరికాలో పేటెంటు పొందింది 1965లో. వెయ్యేళ్ల తర్వాత దాని గతి ఏమిటో కళ్లారా చూసినవారు ఎవరూ లేరు. చూడని సంఖ్యను ముద్రించవద్దు, అనుమానించే కొనుగోలుదారు ఆ ఒక్క అంకెతో మిగిలిన మాటను కూడా కొట్టివేస్తాడు.

ఇక ముద్రణ విషయంలో, ఎంచుకున్న పాదాలను మీరు ఇవ్వబోయే గుడ్డ ముక్క మీదే ముందు ఒకసారి అద్దించండి. రంగు ఆరాక దగ్గరగా పట్టుకొని, ‘ప’లోని సందులో కనీసం రెండు దారాలు రంగు అంటకుండా కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపించకపోతే అక్షరం పెంచాలి, లేదా సందు ఎక్కువగా ఉన్న అక్షరాల తీరు ఎంచుకోవాలి. ఒత్తుల దగ్గర కూడా ఇదే చూడాలి. తర్వాత ఆ పాదాలను అంతకుముందు చదవని మనిషిని నాలుగైదు అడుగుల దూరంలో నిలబెట్టి పైకి చదివించండి. రాసినవారి కన్ను తప్పును దిద్దుకొని చదువుతుంది కనుక మీరు గాని నేను గాని చదివితే ప్రయోజనం లేదు.

రంగు గురించి కూడా అడగండి. గుడ్డ మీద రబ్బరు పొరలాగా ఉబ్బెత్తుగా, మెరుస్తూ నిలిచేది చాలావరకు ప్లాస్టిసాల్ అవుతుంది, అది పి.వి.సి. అనే ప్లాస్టిక్‌తో చేసినది. ప్లాస్టిక్ వద్దనే మాటను ప్లాస్టిక్‌తోనే అద్దడం నాకు మనసొప్పదు. నీటి రంగు కావాలని చెప్పండి. ఆరిన తర్వాత తయారీదారు సూచించినంత వేడి తగలనిస్తేనే అది ఉతుకుడికి నిలుస్తుందని మరచిపోవద్దు. సంచి కూడా నిజంగా గుడ్డదే కావాలి. నేత కనిపించకుండా, చుక్కలు చుక్కలుగా అతికించినట్టున్న ‘నాన్ వోవెన్’ సంచులు సాధారణంగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌వి, వాటి మీద ‘విరిగి ముక్కై మిగల నేను’ అని రాస్తే అది అబద్ధమవుతుంది.

మీ దుకాణం పేరును మాత్రం కింద ఒక మూలన చిన్నగా వేయించండి. పేరు సంచి నిండా ఉంటే దాన్ని పట్టుకొని మరో దుకాణానికి వెళ్లడానికి మనుషులు మొహమాటపడతారు, ఆ రోజుకు మళ్లీ ప్లాస్టిక్ కవరే అడుగుతారు.