తోరణం పిడి పోపుల డబ్బా: కాపీరైటా, డిజైన్ రిజిస్ట్రేషనా?

ప్రశ్న: అన్నా, మాది మడికొండలో చిన్న యూనిట్. ప్లాస్టిక్ పోపుల డబ్బా మూత మీద పిడిని ఖిలా వరంగల్ తోరణం ఆకారంలో చేయించినం. ట్రయల్లో 40 ముక్కలు తీసినం, వచ్చే నెల 2,000 తీస్తం. డ్రాయింగుకు కాపీరైట్ చేయిస్తే ఎవరూ కాపీ కొట్టలేరని ఒకాయన అన్నడు. అది చాలా, డిజైన్ రిజిస్ట్రేషన్ గూడ కావాల్నా?

జవాబు:

కాపీరైట్ ఇక్కడ మిమ్మల్ని కాపాడదు. మీరు 51వ డబ్బా తీసిన రోజు అది పోతుంది. 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్ చూడండి. డిజైన్‌గా రిజిస్టర్ చేసుకునే వీలుండి కూడా చేసుకోని ఆకారాన్ని, దాని యజమాని గానీ ఆయన అనుమతితో ఇంకొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో యాభై సార్లకు మించి తయారు చేస్తే, ఆ డిజైన్‌లో కాపీరైట్ ఆగిపోతుంది. లెక్క తయారీకే, అమ్మకానికి కాదు. మీ ట్రయల్ ముక్కలు గోడౌన్లో పడి ఉన్నా లెక్కలోకి వస్తాయనే అనుకోండి. ఇంకో పదకొండు షాట్లు కొడితే 51 అవుతాయి. చేతిలో కాపీరైట్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఈ లెక్క మారదు.

"డబ్బా సంగతి సరే, డ్రాయింగ్ బొమ్మే కదా, దాని మీద హక్కు ఉంటుంది కదా" అనే వాదన కోర్టుల్లో చాలాసార్లు నడిచింది. గ్యాస్ ట్యాంకర్ ట్రెయిలర్ల ఇంజనీరింగ్ డ్రాయింగుల మీద నడిచిన క్రయోగ్యాస్, ఐనాక్స్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఒక పరీక్ష చెప్పింది. ముందు అది విడిగా నిలబడే కళాకృతా, లేక దాని నుంచి పుట్టి ఫ్యాక్టరీలో వస్తువుగా మారిన డిజైనా అని చూడాలి. కాపీరైట్ నిలబడకపోతే, ఆకారంలో ప్రధానమైంది పనితనమా, కంటికి కనిపించే అందమా అని చూడాలి. డై చేయడానికే గీసిన మీ డ్రాయింగుకు ఆ మొదటి పరీక్షలో కళాకృతిగా నిలబడడం కష్టం. డబ్బా ప్యాకింగ్ మీద వేసిన బొమ్మ, కరపత్రంలోని ఫోటో, వాటికైతే కాపీరైట్ మామూలుగానే ఉంటుంది. మూత ఆకారానికి మాత్రం దారి 2000 డిజైన్స్ చట్టమే.

దాని కింద రక్షణ పదేళ్లు. పదేళ్లు నిండకముందే మూడో నంబర్ ఫారం వేసి ఫీజు కడితే ఇంకో ఐదేళ్లు. కాపీరైట్ అయితే కళాకారుడి జీవితకాలం దాటి అరవై ఏళ్లు ఉంటుంది కదా అనిపించొచ్చు. కానీ ఫ్యాక్టరీ వస్తువు ఆకారాన్ని అంతకాలం ఒక్కరి చేతిలో పెట్టడం ఇష్టం లేకనే చట్టం ఈ రెండు దారులు విడదీసింది.

ఇక తోరణం సంగతి. "అది కాకతీయులది, మీది కాదు" అని ఎవరో ఒకరు అంటారు. చట్టంలో "ఒరిజినల్" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే దీనికి జవాబుంది. రూపం పాతదే అయినా, దాన్ని వాడిన తీరు కొత్తదైతే అది కూడా ఒరిజినల్ కిందికే వస్తుంది. రాతి తోరణం డబ్బా పిడిగా ఇంతకు ముందు ఎక్కడా రాకపోతే మీకు అవకాశం ఉంది. మీరు గీసింది ఖిలాలోని రాతి తోరణాన్ని చూసి అయ్యుండాలి. తెలంగాణ రాజముద్రలో ఉన్న తోరణం బొమ్మను దించితే అభ్యంతరం వస్తుంది, చిహ్నాలను డిజైన్‌గా రిజిస్టర్ చేయరు. దరఖాస్తుకు ముందు పాత రిజిస్ట్రేషన్లు, ఆన్‌లైన్ అమ్మకాల సైట్లు కాసేపు వెతకండి. వేరే దేశంలో బయటపడ్డ డిజైన్ కూడా మీ కొత్తదనాన్ని తీసేస్తుంది.

నాకు ఎక్కువ భయం ఇక్కడే. దరఖాస్తు తేదీకి ముందే ఆ ఆకారం జనంలోకి వెళ్తే రిజిస్ట్రేషన్ నిలవదు. మన చట్టంలో "మొన్ననే కదా చూపించాం" అంటే మన్నించే గడువు మామూలుగా లేదు. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శన అయితే, డిజైన్ల రిజిస్ట్రేషన్ చూసే అధికారి కంట్రోలర్‌కు ముందే తెలియజేసి, చూపించిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వేస్తే మినహాయింపు ఉంటుంది. మామూలు స్టాలుకు అది వర్తించదు. ఇప్పటికి ఆ 40 ముక్కలు ఎవరెవరి చేతికి వెళ్లాయో చూసుకోండి. డై చేసినాయనకు, మౌల్డింగ్ చేసినాయనకు బయటపెట్టొద్దని నమ్మకంతో ఇచ్చినవైతే ఇబ్బంది లేదు, చిన్న కాగితం మీద సంతకం తీసుకుంటే ఇంకా మేలు. డీలర్లకు పంచారా, వాట్సాప్ స్టేటస్ పెట్టారా అన్నదే అసలు ప్రశ్న. రేపు మీరు దావా వేస్తే అవతలి వకీలు మొట్టమొదట వెతికేది తేదీ ఉన్న మీ పాత ఫోటో కోసమే.

దేని మీద దరఖాస్తు వేస్తారన్నది కూడా తేల్చుకోవాలి. చట్టంలో వస్తువు అంటే విడిగా తయారై విడిగా అమ్ముడయ్యే భాగం కూడా. పిడి మూతతో కలిసి ఒకే అచ్చులో వస్తే, పిడి ఒక్కదానికే వేయడం కుదరదు. మూతకు వేయొచ్చు, మూతను స్పేర్‌గా అమ్మొచ్చు కాబట్టి. మొత్తం డబ్బాకే వేస్తే, రేపు ఇంకొకడు గుండ్రటి డబ్బా బదులు చదరపు డబ్బాకు మీ మూత తొడిగి "మొత్తం చూస్తే పోలిక లేదు" అని వాదిస్తాడు. నేనైతే మూతకు ఒకటి, డబ్బాకు ఒకటి, రెండు దరఖాస్తులు వేస్తాను. వ్యక్తికి గానీ చిన్న సంస్థకు గానీ ఒక్కోదానికి ప్రభుత్వ ఫీజు 1,000 రూపాయలు. చిన్న సంస్థగా వేస్తే ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేయాలి.

మొదటి నంబర్ ఫారం ఆన్‌లైన్లోనే వేయొచ్చు, పరిశీలన కోల్‌కతాలోని డిజైన్ విభాగంలో జరుగుతుంది. ఇంటి సామాను కాబట్టి తరగతి 07. బొమ్మలు ఏడు పెట్టండి: ముందు, వెనుక, కుడి, ఎడమ, పై, కింద, ఒకటి ఏటవాలుగా. డై డ్రాయింగునే అప్‌లోడ్ చేయడం ఎక్కువగా చూసే తప్పు. మిల్లీమీటర్లు, బాణాలు, కోత గీతలు ఉంటే అభ్యంతరం వస్తుంది, కొలతలు లేని బొమ్మే కావాలి. పక్క నుంచి తీసిన బొమ్మలో పిడి కిందున్న ఖాళీ కనిపించి, ముందు బొమ్మలో మూసుకుపోయినట్టుంటే అదీ తిరిగి వస్తుంది. కొత్తదనం ఎక్కడుందో చెప్పే వాక్యంలో మూత ఆకారం, ముఖ్యంగా గుర్తుపెట్టిన పిడి భాగం అని రాసి ఆపండి. లోపల మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు గిన్నెల అమరిక, మూత బిగుసుకునే గాడి ఇవి పాతవి లేదా యంత్ర పనితనం. వాటిని కొత్తదనంగా చెప్పుకుంటే అసలు దానికే చిక్కు.

పరీక్షాధికారి అభ్యంతరాలు పంపితే, దరఖాస్తు తేదీ నుంచి ఆరు నెలల్లో అన్నీ తేల్చాలి, అడిగితే మూడు నెలల వరకు పొడిగింపు ఉంటుంది. ఈ-మెయిల్ చూడకపోతే దరఖాస్తు పోతుంది. రిజిస్ట్రేషన్ వచ్చాక దాని తేదీ మీరు దరఖాస్తు వేసిన రోజు నుంచే.

కాపీ కొట్టినవాడి మీద చట్టం చెప్పిన సొమ్ము అడిగితే ఒక్కో ఉల్లంఘనకు 25,000 మించదు, ఒక డిజైన్‌కు మొత్తం 50,000 మించదు. అది వద్దనుకుంటే నష్టపరిహారం, ఆపమనే ఉత్తర్వు కోరుతూ దావా వేయొచ్చు, జిల్లా కోర్టుకు తక్కువ కాని కోర్టులో. అవతలివాడు మీ రిజిస్ట్రేషనే చెల్లదని ఎదురుతిరిగితే కేసు హైకోర్టుకు వెళ్తుంది, అప్పుడు హైదరాబాద్ తిరగక తప్పదు.

వచ్చే నెల 2,000 మొదలుపెట్టే ముందే దరఖాస్తు నంబర్ చేతిలో ఉండాలి. డై చేసేటాయనకు ఇంకో పని చెప్పండి: మూత లోపలి వైపు మార్చుకునే చిన్న ఇన్సర్ట్ పెట్టమనండి. రిజిస్ట్రేషన్ వచ్చాక "REGD." అని, పక్కన రిజిస్ట్రేషన్ నంబర్ అందులో చెక్కిస్తే ప్రతి మూత మీద పడుతుంది. ఆ గుర్తు వస్తువు మీద లేకపోతే, దానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని గానీ, రిజిస్ట్రేషన్ సంగతి తెలిసాకే అవతలివాడు కాపీ కొట్టాడని గానీ మీరే నిరూపించుకోవాల్సి వస్తుంది, లేదంటే పరిహారం రాదు.